ధర కదలకముందే ఓబీవీ పట్టేదేమిటి, వదిలేసేదేమిటి

ఒక షేరు ధర నెలన్నరగా ఒకే చోట ఊగుతోంది. 98 దగ్గరికి దిగుతుంది, 101 దాకా లేస్తుంది, మళ్లీ దిగుతుంది. చూసేవాడికి ఆవలింతలు తప్ప ఏమీ రావు. కానీ చార్టులో ధర కింద గీసిన ఓబీవీ గీత మాత్రం మెల్లగా మెట్లెక్కుతూ పోతోంది. చార్టులు చూసే అలవాటున్నవాళ్లు వెంటనే అనే మాట ఒకటుంది, ఎవరో గుట్టుచప్పుడు కాకుండా కొంటున్నారు అని. ఆ మాట కొన్నిసార్లు నిజమే. అయితే ఓబీవీ నిజంగా పట్టేది అందరికంటే గుట్టుగా కొనేవాణ్ణి కాదు, గుట్టుగా కొందామనుకుని మధ్యమధ్యలో కాస్త తొందరపడేవాణ్ణి. ఈ తేడా అర్థం కాకపోతే డైవర్జెన్స్, అంటే ధర ఒకలా ఓబీవీ ఇంకోలా పోవడం, కనిపించిన ప్రతిచోటా పెద్ద చెయ్యి ఉన్నట్టే అనిపిస్తుంది.

ఓబీవీ అంటే ఆన్ బ్యాలెన్స్ వాల్యూమ్. దీన్ని 1963లో జోసెఫ్ గ్రాన్‌విల్ అనే అమెరికన్ విశ్లేషకుడు ప్రచారంలోకి తెచ్చాడు. లెక్క చాలా మొరటుగా ఉంటుంది. ఈరోజు క్లోజింగ్ ధర నిన్నటికంటే పైన ఉంటే ఈరోజు జరిగిన వాల్యూమ్, అంటే చేతులు మారిన షేర్ల సంఖ్య, మొత్తాన్ని కూడతారు, కింద ఉంటే మొత్తాన్నీ తీసేస్తారు, సమానంగా ఉంటే ముట్టుకోరు. పైతాన్‌లో అయితే రెండు లైన్లు.

```python
sign = np.sign(df["Close"].diff()).fillna(0)
df["OBV"] = (sign * df["Volume"]).cumsum()
```

ఇందులో ధర ఎంత పెరిగిందన్నది ఎక్కడా లేదు. అర శాతం పెరిగినా ఐదు శాతం పెరిగినా వాల్యూమ్ మొత్తం ప్లస్సే. ఇంకో సంగతి, మొత్తం ఎక్కడ మొదలుపెడితే అక్కడినుంచే లెక్క కాబట్టి ఓబీవీ అంకెకు దానంతటదిగా అర్థం లేదు. ఒక చార్టులో 40 లక్షలు, ఇంకో చార్టులో మైనస్ 3 లక్షలు కనిపించినా రెండూ సరైనవే కావచ్చు. చూడాల్సింది గీత ఎటు పోతోందన్నదే.

ఇప్పుడు అసలు కథ. ఒక పెద్ద కొనుగోలుదారుకు ఈ షేర్లు 2 లక్షలు కావాలనుకుందాం. రోజుకు చేతులు మారేవి సగటున 43 వేలు మాత్రమే. ఒక్కసారే ఆర్డర్ పెడితే అమ్మేవాళ్లు దొరకరు, ధర తన మీదికే ఎగిరి కూర్చుంటుంది. అందుకే రోజు వాల్యూమ్‌లో ఓ 15 శాతం మించకుండా కొంటాడు, అంటే రోజుకు సుమారు ఆరున్నర వేలు. ఆ లెక్కన పని పూర్తికావడానికి 30 ట్రేడింగ్ రోజులు, అంటే నెలన్నర పడుతుంది. ధర తగ్గినప్పుడు అందినంత తీసుకుంటాడు, పెరుగుతుంటే చెయ్యి వెనక్కి తీసుకుని ఊరుకుంటాడు. కానీ మనిషన్నాక, అతని తరఫున కొనే ప్రోగ్రామ్ అయినా సరే, ఎప్పుడూ ఒకే ఓపికతో ఉండడం కుదరదు. అనుకున్న వేగంతో సరుకు రాకపోతే ఒకరోజు కాస్త పైన ఉన్న ధరకు కూడా ఎగబడి కొంటాడు. ఆరోజు వాల్యూమ్ పెరుగుతుంది, క్లోజింగ్ పైన ఉంటుంది. మర్నాడు ఆగిపోతాడు, అప్పుడు ధర నీరసంగా తక్కువ వాల్యూమ్‌తో కిందికి జారుతుంది. ఇలా పదేపదే జరిగితే పెరిగిన రోజుల్లో వాల్యూమ్ ఎక్కువగానూ తగ్గిన రోజుల్లో తక్కువగానూ పేరుకుంటుంది. ధర ఉన్నచోటే ఉంటుంది, ఓబీవీ పైకి పోతుంది. డైవర్జెన్స్ వెనక ఉన్న యంత్రాంగం ఇంతే.

ఓ పది రోజులు కాగితం మీద నడిపి చూద్దాం. ఇది బోధపడడానికి అల్లిన ఉదాహరణ. మొదటిరోజుకు ముందు క్లోజింగ్ 100, ఓబీవీ సున్నా. వాల్యూమ్ వేలల్లో.

```
రోజు   క్లోజింగ్   వాల్యూమ్   ఓబీవీ
1      101.0      60       60
2      100.0      30       30
3       99.0      25        5
4      100.5      70       75
5       99.5      35       40
6       98.5      30       10
7      100.0      80       90
8      101.0      55      145
9      100.0      30      115
10      99.8      20       95
```

పది రోజుల్లో ధర పెరిగింది నాలుగు రోజులే, తగ్గింది ఆరు రోజులు. చివరికి ధర మొదలైనచోటికంటే 0.2 కిందనే ఉంది. అయినా ఓబీవీ 95 వేలు పైన ఉంది, ఎందుకంటే పెరిగిన నాలుగు రోజుల్లో కలిపి 265 వేలు చేతులు మారితే తగ్గిన ఆరు రోజుల్లో 170 వేలే మారాయి. సగటున చూస్తే పెరిగిన రోజుకు 66 వేలు, తగ్గిన రోజుకు 28 వేలు. ధర దిగువల్లోనూ ఇదే తీరు కనిపిస్తుంది. మూడో రోజు ధర 99కి దిగినప్పుడు ఓబీవీ 5. ఆరో రోజు ధర ఇంకా కిందికి, 98.5కి దిగింది, ఓబీవీ మాత్రం 10 దగ్గర ఆగింది. ధర కొత్త అడుగుకు వెళ్లినా ఓబీవీ పాత అడుగుకంటే పైనే నిలబడడం, పుస్తకాల్లో బుల్లిష్ డైవర్జెన్స్ అనేది దీన్నే.

ఇక్కడ ఆగి ఒక అనుమానం పడాలి, చాలామంది పడరు. ఏ కొనుగోలుదారూ లేకుండా ఊరికే అదృష్టం కొద్దీ ఓబీవీ 95 పెరిగే అవకాశం ఎంత? ఇవే పది వాల్యూములు తీసుకుని ప్రతిరోజూ ప్లస్సో మైనస్సో బొమ్మా బొరుసూ వేసి నిర్ణయించామనుకోండి. అప్పుడు వచ్చే మొత్తం సగటున సున్నా, కానీ అటూ ఇటూ ఊగే మామూలు దూరం, గణితంలో ప్రామాణిక విచలనం అనేది, వాల్యూముల వర్గాలన్నీ కూడి వర్గమూలం తీస్తే వస్తుంది. ఇక్కడ అది సుమారు 151. అంటే మనం చూసి మురిసిన 95 ఆ మామూలు ఊపులో మూడింట రెండొంతులు కూడా కాదు. ఇదే తీరు మరో రెండుసార్లు సాగి 30 రోజులు అయితే ఓబీవీ 285 అవుతుంది, ఊపు దూరం 262 అవుతుంది. ఇప్పుడు ఒక ఊపుకంటే కాస్త ఎక్కువ. అంతటి పెరుగుదల లేదా అంతకు మించినది ఊరికే వచ్చే అవకాశం ఏడింట ఒకటి. ఇలాంటి షేర్లు 500 జల్లెడ పడితే ఓ డెబ్బై షేర్లు ఏ పెద్ద చెయ్యీ లేకుండానే అందంగా పైకెక్కే ఓబీవీ చూపిస్తాయి. ఈ లెక్క సుమారుదే, ఎందుకంటే బొమ్మా బొరుసుకి ధర నిలకడగా ఉందన్న షరతు లేదు. అయినా పాఠం మాత్రం గట్టిదే. స్క్రీనర్‌లో డైవర్జెన్స్ ఉన్నవి అని వడపోసి వచ్చిన జాబితాలో ఉత్తుత్తివి చాలానే ఉంటాయి.

అందుకే ఓబీవీ గీత ఏటవాలు చూసి తృప్తిపడకుండా ఇంకో అడుగు లోపలికి వెళ్లాలి. గీత ఎక్కడెక్కడ ఎక్కింది? పైన ఏడో రోజు ఒక్కటే 80 వేలు. ఆ ఒక్కరోజును తీసేస్తే 95 కాస్తా 15 అయిపోతుంది. అంటే మన డైవర్జెన్స్ దాదాపు అంతా ఒక్క రోజు మీద నిలబడి ఉంది. 30 రోజుల్లో అలాంటి రోజులు మూడు వచ్చి, వాటిలో ఏ ఒక్కదాన్ని తీసినా 285లో 205 మిగిలితే అది వేరే సంగతి. కొనుగోలుదారు ఉంటే అతని ముద్ర చాలా రోజుల మీద పరుచుకుని ఉండాలి. ఒక్కరోజే పెద్ద గంతు ఉందంటే దానికి తరచుగా వేరే కారణం ఉంటుంది. సూచీలో షేరు చేరడమో, దాని వెయిటేజీ మారడమో, ఒక పెద్ద బ్లాక్ ఒక ఫండ్ నుంచి ఇంకో ఫండ్‌కు ముందే మాట్లాడుకున్న ధరకు పోవడమో. అలాంటి రోజు ఎంత హాని చేస్తుందో చూడండి. పదో రోజు వాల్యూమ్ 20 బదులు 150 ఉందనుకుందాం. క్లోజింగ్ 99.8 అయితే ఓబీవీ 115 నుంచి మైనస్ 35కి పడిపోతుంది. అదే క్లోజింగ్ 100.1 అయితే 265కి ఎగురుతుంది. ధరలో తేడా 0.3, అది కూడా చివరి నిమిషాల ట్రేడింగ్‌లో తేలేది, ఓబీవీలో తేడా మాత్రం 300 వేలు. ఒక్క ట్రేడు గీత కథను తలకిందులు చేస్తుంది, ఆ తరువాత ఆ గంతు గీతలో శాశ్వతంగా ఉండిపోతుంది. గతంలోని అలాంటి రోజుల్ని కత్తిరించి, లేదా ఆరోజు వాల్యూమ్‌ను మామూలు రోజుల గరిష్ఠానికి కుదించి మళ్లీ గీస్తే డైవర్జెన్స్ మిగులుతుందో లేదో చూడడం ఐదు నిమిషాల పని.

డేటా వల్ల వచ్చే అబద్ధాలు కూడా ఉన్నాయి, వీటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. షేరును ఐదుగా విడగొట్టాక వాల్యూమ్ అంకె సహజంగానే పెద్దదవుతుంది, పాత రోజుల వాల్యూమ్‌ను కూడా ఐదింతలు చేయని డేటా అయితే ఓబీవీ విడగొట్టిన రోజునుంచి వేరే గీతలా ప్రవర్తిస్తుంది. డివిడెండ్ హక్కు పోయే రోజున ధర ఆ మేరకు తగ్గడం మామూలే, సవరించని క్లోజింగ్ వాడితే ఆరోజు వాల్యూమ్ అంతా మైనస్‌లోకి పోతుంది, అమ్మకాలేమీ లేకపోయినా. కరెన్సీల్లాంటి మార్కెట్లలో చార్టులో కనిపించే వాల్యూమ్ చాలాసార్లు ధర ఎన్నిసార్లు మారిందన్న లెక్క మాత్రమే, అక్కడ ఓబీవీ గీసి ఎవరో కొంటున్నారనడం గాలిలో మేడ.

ఇక మొదట్లో చెప్పిన మాట దగ్గరికి వద్దాం, నిజంగా ఓపిక ఉన్నవాడి సంగతి. అతను ధర వెంట పడడు. 98 దగ్గర తన ఆర్డర్ పెట్టుకుని కూర్చుంటాడు, అది కూడా మొత్తం కనబడకుండా కొంచెం కొంచెమే బయటికి కనిపించేలా. మార్కెట్ భయపడి అమ్మినప్పుడు వచ్చినదంతా మింగేస్తాడు. అలాంటి రోజు ఎలా కనిపిస్తుందంటే, నిన్నటి క్లోజింగ్ 100, ఈరోజు 98 దాకా పడింది, మధ్యలో 100.2 కూడా చూసింది, చివరికి 99.7 దగ్గర ముగిసింది, వాల్యూమ్ 120 వేలు. 98 దగ్గర అమ్మకాల వెల్లువ వచ్చింది, ఎవరో అంతా పట్టుకున్నారు, ధర దాదాపు మొత్తం తేరుకుంది. ఇంతకంటే స్పష్టమైన కొనుగోలు ముద్ర ఉండడం కష్టం. కానీ క్లోజింగ్ నిన్నటికంటే 0.3 తక్కువ కదా, ఓబీవీ 120 వేలూ తీసేస్తుంది. కోల్డ్ బ్లడెడ్‌గా కొనేవాడు కొన్నంతకాలం ఓబీవీ అతన్ని అమ్మేవాడిగా లెక్కపెడుతుంది, ఇదీ ఈ పరికరంలో ఉన్న చేదు తమాషా.

క్లోజింగ్ ఆ రోజు రేంజ్‌లో ఎక్కడ ఉందో చూసే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది, మార్క్ చైకిన్ పేరుతో తెలిసిన అక్యుములేషన్ డిస్ట్రిబ్యూషన్ గీత అలాంటిదే. క్లోజింగ్ నుంచి కనిష్ఠానికి దూరం 1.7, గరిష్ఠానికి దూరం 0.5, తేడా 1.2, దాన్ని రోజు మొత్తం రేంజ్ 2.2తో భాగిస్తే సుమారు 0.55. ఆ పాళ్లలో వాల్యూమ్‌ను కూడితే ఓబీవీ మైనస్ 120 అన్నచోట ఇది ప్లస్ 65 అంటుంది. రెండూ ఒకే రోజు గురించే. అయితే ఆ గీతకు దాని పిచ్చి దానికుంది, నిన్నటి క్లోజింగ్‌తో పోలిక లేదు కాబట్టి తెల్లారగానే పెద్ద గ్యాప్‌తో కింద తెరుచుకున్న ధర రోజంతా కొంచెం పాకితే దాన్ని కొనుగోలు కింద జమకడుతుంది. రెండు గీతలూ ఒకే మాట చెబితే కొంచెం నమ్మకం. ఓబీవీ నిలకడగా ఉండి రెండోది ఎక్కుతుంటే అది ఓపికగా కింద నిలబడి పట్టుకునేవాడి జాడ కావచ్చు, రోజువారీ కొవ్వొత్తి చార్టు తెరిచి తగ్గిన రోజుల్లో ధర కిందికి దిగి తేరుకున్నట్టు చూపే కింది తోకలు పొడుగ్గా, వాల్యూమ్ పెద్దదిగా ఉన్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఓబీవీ ఎక్కుతూ రెండోది దిగుతుంటే మాత్రం జాగ్రత్త, పెరిగిన రోజుల్లో కూడా పైన అమ్మకం తగిలి ధర కిందికి వచ్చి ముగుస్తోందన్నమాట.

చాలామంది నోట వినిపించే ఇంకో మాటను కూడా ఇక్కడే సరిచేయాలి, డబ్బు లోపలికి వస్తోంది అని. ప్రతి ట్రేడ్‌లోనూ కొన్నవాడూ ఉన్నాడు, అమ్మినవాడూ ఉన్నాడు, షేర్లు ఎన్ని కొన్నారో అన్నే అమ్మారు. ఓబీవీ కొలిచేది డబ్బును కాదు, ధర పెరిగిన రోజుల్లో ఎక్కువ షేర్లు చేతులు మారాయా, తగ్గిన రోజుల్లోనా అన్నదాన్ని. దాన్నుంచి కొన్నవాడు ఎవరు, ఎందుకు కొన్నాడు అన్నది మన ఊహ. కొన్నవాడు కంపెనీ గురించి లోతుగా తెలిసినవాడే కానక్కర్లేదు, ఇదివరకు షార్ట్ చేసి, అంటే తన దగ్గర లేని షేర్లను ముందే అమ్మి, ఇప్పుడు మెల్లగా తిరిగి కొనుక్కుంటున్నవాడూ కావచ్చు. అతని కొనుగోలు ముగిశాక వెనకాల ఇంకెవరూ ఉండరు.

గ్రాన్‌విల్ విషయం ఇక్కడ గుర్తు చేసుకోవడం తప్పు కాదు. 1981 జనవరిలో ఆయన అన్నీ అమ్మేయండి అని చందాదారులకు కబురు పంపితే మర్నాడు అమెరికా మార్కెట్ భారీ వాల్యూమ్‌తో పడింది, అంత పలుకుబడి ఆయనది. తరువాతి ఏడాది ఆగస్టులో మార్కెట్ పెద్ద పెరుగుదల మొదలుపెట్టినప్పుడు మాత్రం ఆయన ఇంకా పడుతుందనే అంటూ ఉండిపోయాడు. వాల్యూమ్‌ను అంతగా నమ్మిన మనిషికే ఆ మలుపు అందలేదు.

మరి ఈ డైవర్జెన్స్‌ను ఎలా వాడాలి? ముందు కాలపరిమితి. నెలన్నర నుంచి మూడు నెలల దాకా ధర ఒకే హద్దుల్లో ఊగిన రేంజ్‌లో, పదిహేనో ఇరవయ్యో రోజుల్లో కాకుండా, మొదట్లో వచ్చిన దిగువకు, చివర్లో వచ్చిన దిగువకు ఓబీవీని పోల్చాలి. పడుతూనే ఉన్న షేరులో డైవర్జెన్స్ చూసి అక్యుములేషన్, అంటే ఎవరో పోగుచేసుకుంటున్నారు, అనుకోవడం అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. పడేటప్పుడు మధ్యమధ్యలో వచ్చే పెరుగుదలలు షార్ట్ చేసినవాళ్లు తిరిగి కొనుక్కోవడం వల్ల భారీ వాల్యూమ్‌తో వస్తాయి, ఓబీవీని ఎత్తేస్తాయి, ధర మాత్రం మెట్టు మెట్టుగా దిగుతూనే పోతుంది. తరువాత, ఓబీవీ గీతకు కూడా ఒక రేంజ్ ఉంటుంది, ధరకు ఉన్నట్టే. ధర తన రేంజ్ పైకప్పు కింద ఉండగానే ఓబీవీ తన పాత గరిష్ఠాన్ని దాటితే అది ఊరికే పైకి వాలిన గీతకంటే బరువైన ఆధారం. ఇదే సమయంలో మార్కెట్ మొత్తం పెరుగుతుంటే దాని విలువ సగం, అందరి ఓబీవీలూ పెరుగుతున్నాయి కాబట్టి. మార్కెట్ దిగుతున్నా ఈ షేరు నిలబడి ఓబీవీ ఎక్కుతుంటే అప్పుడు పట్టించుకోవాలి.

ఊహ తప్పిందని ఎప్పుడు ఒప్పుకోవాలో ముందే రాసిపెట్టుకోవాలి. మన ఉదాహరణలో రేంజ్ అడుగు 98.5. క్లోజింగ్ దాని కింద, అదీ తగ్గిన రోజుల సగటు వాల్యూమ్‌కు రెండింతలతో వచ్చిందంటే కింద నిలబడి పట్టుకుంటున్నాడనుకున్న మనిషి లేడు, లేదా వెళ్లిపోయాడు. అప్పుడు ఓబీవీ ఇంకా పైనే ఉన్నా దాన్ని సాక్ష్యంగా పట్టుకుని వేలాడకూడదు. పేరుకున్న పాత ప్లస్సుల వల్ల అది పైన ఉంది, ఈరోజు జరుగుతున్నదాని వల్ల కాదు.

ఇంకొకటుంది, దీన్ని చాలా తక్కువమంది ఆలోచిస్తారు. కొనుగోలుదారు 2 లక్షలూ కొనేశాక ఏమవుతుంది? ధర ఎగరాలనేం లేదు. నెలన్నరగా రోజుకు ఆరున్నర వేలు మింగిన చెయ్యి మర్నాటినుంచి ఉండదు. అతను కొనడం వల్ల బయట అమ్మకానికి మిగిలిన సరుకు నిజంగా తగ్గి ఉంటే చిన్న కొనుగోలుకే ధర రేంజ్ దాటుతుంది, బ్రేకౌట్ రోజున వాల్యూమ్ పెద్దగా లేకపోయినా ఆశ్చర్యం లేదు. ఇంకా అమ్మేవాళ్లు మిగిలి ఉంటే అదే షేరు ఓబీవీ శిఖరం మీద ఉండగానే, పట్టేవాడు లేక, 98.5 కిందికి జారుతుంది. ఈ రెండు సందర్భాల్లోనూ చార్టులు ముందురోజు దాకా ఒకేలా ఉంటాయి.